వాన సాయంత్రం ఫొటో కింద నాలుగు పాదాలు

(కవితలు రాయడం మొదలుపెట్టిన యువతీయువకుల కోసం జరిగిన ఒక రోజు శిక్షణలో చేసిన ప్రసంగానికి రాతరూపం. చివర్లో సభికులు అడిగిన ప్రశ్నలు కూడా ఉన్నాయి.)

అందరికీ నమస్కారం.

తెర మీద ఉన్న ఫొటో చూడండి. ఇనప ఊచల కిటికీ. కిటికీ గట్టు మీద గాజు గ్లాసులో టీ, అంచు దాకా ఉంది. బయట వాన. ఎదురింటి డాబా మసగ్గా కనిపిస్తోంది, వీధి దీపం అప్పుడే వెలిగింది. జులైలో ఒక సాయంత్రం మా ఇంట్లో తీసిన ఫొటో ఇది. వానాకాలం వచ్చిందంటే ఇలాంటివి మన అందరి ఫోన్లలోనూ చేరతాయి. తీశాక ఊరుకోలేం, కింద ఏదో ఒక చిన్న కవిత రాయాలనిపిస్తుంది. ఆ చిన్న కవిత ఎలా కుదురుతుందో, ఎక్కడ చెడుతుందో ఈ ఒక్క ఫొటో పట్టుకునే చూద్దాం.

చెయ్యి తిరగకముందు ఎవరికైనా మొదట వచ్చే కవిత ఇలా ఉంటుంది:

కిటికీ బయట చినుకులు
చేతిలో వేడి వేడి టీ
మనసు నిండా నువ్వే
ఈ సాయంత్రం ఇంకేం కావాలి

చదవడానికి హాయిగానే ఉంది. కానీ ఒక్కో పాదం దగ్గర ఆగి చూడండి. మొదటి పాదం చెప్పింది ఫొటోలో ఉంది. రెండో పాదంలోని టీ కూడా ఫొటోలోనే ఉంది. అంటే సగం కవిత అయిపోయింది, చదివేవాడికి కొత్తగా ఒక్క విషయం కూడా తెలియలేదు. మూడో పాదంలో ‘నువ్వు’ అన్నాం. ఎవరా నువ్వు? స్నేహితురాలా, ఊళ్ళో ఉన్న అమ్మా, పోయిన నాన్నా? మనిషి ముఖం లేదు. నాలుగో పాదం ఏ సాయంత్రానికైనా సరిపోతుంది.

దీనికి నేను ఒక పరీక్ష పెడతాను. ఈ కవితను తీసుకెళ్ళి వేరెవరిదో వాన ఫొటో కింద పెట్టండి. అక్కడా సరిపోయిందంటే అది మీ ఫొటోకి రాసింది కాదు. పైన చెప్పిన నాలుగు పాదాలూ దేశంలో ఏ కిటికీ కిందైనా పెట్టుకోవచ్చు. ఇందులో తప్పు భావానిది కాదు. ఆ సాయంత్రం మీ కిటికీ దగ్గర మాత్రమే జరిగిందేదో అందులోకి రాలేదు, అంతే.

మరి ఏం రావాలి? ఫొటో ఒక్క క్షణాన్ని పట్టుకుంటుంది. దానికి చప్పుడు లేదు, వాసన లేదు, వేడీ చల్లనా తెలియవు. ఆ క్షణానికి ముందు ఏం జరిగిందో, తర్వాత ఏం జరిగిందో తెలియదు. ఫ్రేము బయట ఏముందో అసలే తెలియదు. కవిత పని చేయాల్సింది ఈ ఖాళీల్లోనే. వాన పడుతోందని ఫొటో చెప్పేసింది కాబట్టి, ఆ వాన ఎంతసేపటి నుంచి పడుతోందో కవిత చెప్పాలి. టీ ఉందని ఫొటో చెప్పింది కాబట్టి, ఆ టీని ఎవరూ ఎందుకు తాగలేదో కవిత చెప్పాలి.

ఆ రోజు ఏం జరిగిందో చెబుతాను. సాయంత్రం మా అక్క వస్తానంది. బస్సు దిగి మా వీధి దాకా నడిచి రావాలి. ఆవిడ దిగేలోపే వాన పట్టుకుంది, బస్టాపు షెడ్డులో నిలబడిపోయింది. ఇంట్లో నేను టీ పెట్టాను. ఇద్దరం కలిసి తాగుదామని నా గ్లాసు ముట్టుకోలేదు. అది అలాగే గట్టు మీద ఉండిపోయింది. ఆవిడ కోసం తీసిన గ్లాసు ఆ పక్కనే పళ్ళెంలో ఉంది కానీ ఫొటోలోకి రాలేదు.

దీన్ని కవిత చేయాలి. ఏ కొలతలో చేద్దాం? ఫొటో కింద పెట్టే కవితకు నానీ చాలా బాగా నప్పుతుందని నా అనుభవం. 1997లో ఆచార్య ఎన్. గోపి గారు మొదలుపెట్టిన ప్రక్రియ ఇది. నాలుగు పాదాలు, మొత్తం మీద 20కి తగ్గకుండా 25కి మించకుండా అక్షరాలు. మొదటి రెండు పాదాల్లో ఒక భావాంశం, తర్వాతి రెండు పాదాల్లో ఇంకొకటి. రెండూ పక్కపక్కన నిలబడినప్పుడు మూడో అర్థం పుట్టాలి. లెక్క తేలికే. ఒత్తు ఉన్నా, దీర్ఘం ఉన్నా అది ఒక అక్షరం. సున్నా దాని ముందు అక్షరంతోనే పోతుంది. చివర వచ్చే పొల్లును నేను విడిగా లెక్కపెట్టను. వేళ్ళ మీద లెక్కపెట్టుకోవచ్చు.

నా మొదటి ప్రయత్నం ఇలా వచ్చింది:

వాన కురుస్తూనే ఉంది
టీ చల్లారిపోయింది
నీ కోసం చూసి చూసి
కళ్ళు కాయలు కాచాయి

లెక్కపెడితే 30 అక్షరాలు. నానీ కొలత దాటిపోయింది. కొలత దాటడం ఎప్పుడూ ఒక సూచన. ఎక్కడో వివరణ ఎక్కువైందని అర్థం. ఇక్కడ మొదటి రెండు పాదాలు ముందటి కవిత కంటే మేలు. కురుస్తూనే, చల్లారిపోయింది అనే మాటల్లో సమయం వచ్చింది. కానీ మూడు, నాలుగు పాదాలు ఏం చేస్తున్నాయి? టీ ఎందుకు చల్లారిందో విడమరిచి చెబుతున్నాయి. ఎదురుచూస్తున్నానని రచయిత నోటితో చెప్పేశాక చదివేవాడికి చేయడానికి ఏమీ మిగల్లేదు. పైగా ‘కళ్ళు కాయలు కాచాయి’ అనేది మనం రోజూ అనే మాట. కవితలో పెడితే కన్ను దాని మీద ఆగదు, జారిపోతుంది.

అందుకని ఆ రెండు పాదాలూ కొట్టేశాను. ఎదురుచూపు అనే మాట లేకుండా ఎదురుచూపు కనపడాలి. చల్లారిపోయింది అన్న మాట కూడా మార్చాలనిపించింది. చల్లారడం ముట్టుకుంటే తెలిసే సంగతి, కంటికి కనిపించదు. మరి కంటికి ఏం కనిపిస్తుంది? మీగడ. పాలు పోసి మరిగించిన టీని కదపకుండా వదిలేస్తే కాసేపటికి పైన పల్చటి పొర కడుతుంది. పాలలోని ప్రొటీన్లూ కొవ్వూ కలిసి పైన గట్టిపడటం వల్ల వచ్చే పొర అది. తాగుతూ ఉన్న టీకి అది కట్టదు. వదిలేసిన టీకే కడుతుంది. ‘ఎంతోసేపుగా ముట్టుకోలేదు’ అని మనం చెప్పక్కర్లేదు, ఆ పొర సాక్ష్యం చెబుతుంది. ఇప్పుడు కవిత ఇలా అయింది:

వాన తగ్గలేదు
టీ మీద మీగడ
రెండో గ్లాసు
ఖాళీగానే ఉంది

ఆరు, ఆరు, నాలుగు, ఆరు. మొత్తం 22. కొలతలోకి వచ్చింది. ఫ్రేము బయటి గ్లాసు కవితలోకి వచ్చింది. ఫొటోలో ఒకటే గ్లాసు చూసినవాళ్ళు మూడో పాదం దగ్గర ఒక్కసారి ఆగుతారు. రెండో గ్లాసు ఏదీ అని ఫొటో మళ్ళీ చూస్తారు. కింద రాసిన మాటలు చూపును మళ్ళీ పైకి పంపిస్తే ఆ కవిత ఫొటోతో కలిసి పనిచేస్తున్నట్టు.

కానీ నాలుగో పాదం నాకు నచ్చలేదు. ఎందుకో ఆలోచించండి. ఖాళీ గ్లాసు అంటే రెండు అర్థాలు. ఇంకా పోయలేదని ఒకటి. తాగేసి వెళ్ళిపోయారని ఇంకొకటి. వచ్చినవాళ్ళు తాగి వెళ్ళిపోతే అది వేరే సాయంత్రం, వేరే కవిత. మన కవితలో మనిషి ఇంకా రాలేదు. మరి రానివాళ్ళ గ్లాసు ఇంట్లో ఎలా ఉంటుంది? కడిగి, నీళ్ళు ఓడ్చి, పళ్ళెంలో బోర్లించి ఉంటుంది. మా అక్క గ్లాసు నిజంగా అలాగే ఉంది. నేను చూశాను కానీ రాసేటప్పుడు గుర్తు రాలేదు.

వాన తగ్గలేదు
టీ మీద మీగడ
రెండో గ్లాసు
బోర్లించే ఉంది

మొత్తం 21 అక్షరాలు. నేను ఇక్కడ ఆగాను. ‘రెండో’ తప్ప విశేషణం ఒక్కటి లేదు. చల్లని వాన అనలేదు, వెచ్చని టీ అనలేదు, తీయని జ్ఞాపకం అనలేదు. ‘లా’, ‘లాగా’ అంటూ పోలిక లేదు. నువ్వు అనే మాట లేకపోయినా మనిషి ఉంది. తగ్గని వాన వల్లే ఆ గ్లాసు బోర్లించి ఉందని కూడా ఎవరికీ చెప్పక్కర్లేదు. మొదటి పాదాన్నీ చివరి పాదాన్నీ చదివేవాళ్ళే కలుపుకుంటారు.

ఇప్పుడు ఇంకో తనిఖీ ఉంది. చాలామంది దీన్ని వదిలేస్తారు. కవితకూ ఫొటోకూ పొత్తు కుదిరిందా? నేను ఆ సాయంత్రం రెండు ఫొటోలు తీశాను. టీ గ్లాసులో పోయగానే తీసిన దాంట్లో ఆవిరి అద్భుతంగా వచ్చింది. గ్లాసు వెనక చీకటిగా ఉన్న గోడ, పక్క నుంచి కిటికీ వెలుగు. ఆవిరి ఫొటోలో బాగా పడాలంటే ఆ రెండూ కావాలి. వెనకాల తెల్లటి ఆకాశం ఉంటే ఎంత ఆవిరైనా కనిపించదు. అందంలో ఆ ఫొటోదే పైచేయి. కానీ పొగలు కక్కుతున్న టీ బొమ్మ పెట్టి కింద ‘టీ మీద మీగడ’ అని రాస్తే అది అబద్ధం. చూసేవాళ్ళకు ఏదో తేడాగా ఉందనిపిస్తుంది, ఏమిటో చెప్పలేకపోవచ్చు. అందుకే తెర మీద మీకు చూపిస్తున్నది రెండో ఫొటో. ఆవిరి లేదు, దగ్గరగా చూస్తే పొర ముడత కనిపిస్తుంది. మీది లెమన్ టీయో, పాలు లేని డికాషన్‌తో చేసిన టీయో అయితే ఈ పాదం మీరు రాయకూడదు. దానికి మీగడ కట్టదు.

ఇలాంటి పొరపాటే ఇంకొకటి ఈ మధ్య బాగా కనిపిస్తోంది. ‘ఆవిరి పట్టిన అద్దం మీద వేలితో నీ పేరు రాశాను’ అని రాస్తున్నారు. మన ఇళ్ళలో కిటికీ అద్దానికి లోపలి వైపు ఆవిరి పట్టడం ఎంత అరుదో గమనించారా? బయట బాగా చలి, లోపల వెచ్చగా తేమగా ఉన్నప్పుడు లోపలి వైపు పడుతుంది. చలి దేశాల్లో అది మామూలు. మనకు చలికాలంలో అరకు లాంటి చోట్ల పడొచ్చు. హైదరాబాద్‌లోనో విజయవాడలోనో జులై వానకి ఇంటి లోపలికీ బయటికీ అంత తేడా ఉండదు. ఏసీ వేసుకుంటే లెక్క తిరగబడుతుంది. అద్దం చల్లబడి, బయటి తేమ గాలి వల్ల అద్దానికి బయటి వైపు ఆవిరి పడుతుంది. లోపల కూర్చుని దాని మీద పేరు రాయలేరు. వానలో అద్దాలు ఎత్తేసి ఆపిన కారులో అయితే మీ ఊపిరికే లోపలి వైపు మసక పడుతుంది, అక్కడ నిజంగానే రాయొచ్చు. అప్పుడు ఫొటో కూడా కారులోదే అయి ఉండాలి. మీ కిటికీ మీకు ఏం చూపిస్తే అదే రాయండి. మనవి చాలా వరకు ఊచల కిటికీలు, దోమల జాలీ కిటికీలు. జాలీ గళ్ళలో ఇరుక్కున్న నీటి బొట్ల మీద నేను ఇంతవరకు మంచి కవిత చూడలేదు. ఎవరైనా రాస్తారని ఎదురుచూస్తున్నాను.

ఫొటోలో ఉన్నది కవితలో చెప్పొద్దన్నాను. దీనికి ఒక మినహాయింపు ఉంది. ఫొటోలో ఉన్నా ఎవరూ గమనించనిది అయితే చెప్పొచ్చు. ఇదే ఫొటోలో ఎడమ వైపు అడ్డ ఊచను చూడండి. దాని కింద ఒక చినుకు వేలాడుతోంది. పెద్దది చేసి చూపిస్తున్నాను. ఆ చినుకులో మా వీధి ఉంది, తలకిందులుగా. ఎదురింటి డాబా కిందకీ, రోడ్డు పైకీ. వేలాడే నీటి బొట్టు కటకంలా పనిచేసి వెనక ఉన్న దృశ్యాన్ని తిప్పి చూపిస్తుంది. దీనికి నానీ కంటే హైకూ బాగుంటుంది. జపనీస్‌లో హైకూకి అయిదు, ఏడు, అయిదు అనే లెక్క ఉంది. తెలుగులో చాలామంది ఆ లెక్క పాటించరు, మూడు పాదాలు ఉంచుకుంటారు. నేనూ లెక్క పెట్టుకోలేదు.

ఊచకు వేలాడే చినుకు
అందులో మన వీధి
తలకిందులుగా

ఇందులో టీ లేదు, ఎదురుచూపు లేదు. నా బాధ, నా సంతోషం ఏదీ లేదు. చూడండి అని వేలు పెట్టి చూపించడమే దీని పని. చివర ఇంకో పాదం చేర్చి ‘నా జీవితం లాగే’ అంటే ఎలా ఉంటుందో ఊహించండి. చినుకు అక్కడే రాలిపోతుంది. ఆ పాదం రాయాలని చెయ్యి చాలా లాగుతుంది, నాకు తెలుసు. రాయకండి.

ఇక ఇది ఫోన్లో ఎలా కనిపిస్తుందో కాస్త చూద్దాం. ఇన్‌స్టాగ్రామ్‌లో ఫొటో కింద 2,200 క్యారెక్టర్ల దాకా రాయొచ్చు. కానీ చూసేవాళ్ళకు మొదట కనిపించేది ఆరంభం మాత్రమే. ఆ తర్వాత more అని ఉంటుంది, నొక్కితేనే మిగతాది వస్తుంది. అందుకే కవితకు ముందు ‘ఈ రోజు మా ఊళ్ళో వాన, సరదాగా నాలుగు లైన్లు’ అని ఉపోద్ఘాతం రాస్తే కనిపించేది ఆ ఉపోద్ఘాతమే. కవితతోనే మొదలుపెట్టండి. మిగతా కబుర్లూ హ్యాష్‌ట్యాగులూ కింద ఒక లైను వదిలి రాసుకోవచ్చు. మొదటి రెండు పాదాలు మాత్రమే కనిపించినా నానీకి నష్టం లేదు. మలుపు తర్వాతి రెండింటిలో ఉంటుంది కాబట్టి నొక్కి చదివినవాళ్ళకు అది తాజాగా అందుతుంది. పాదాలు చిన్నవిగా ఉండటం ఇక్కడ ఇంకో మేలు చేస్తుంది. ఆరేడు అక్షరాల పాదం ఎంత పెద్ద అక్షరాలు పెట్టుకున్న ఫోన్లోనైనా విరగదు. పదిహేను అక్షరాల పాదం విరిగి, మీరు అనుకోని చోట ఇంకో పాదం పుడుతుంది.

ఫొటో మీదే అక్షరాలు వేసేవాళ్ళకు ఒక మాట. తెలుగుకి పైన గుడులూ, కింద ఒత్తులూ ఉంటాయి. ఇంగ్లిష్‌కి సరిపోయే లైన్ల దూరం పెడితే పై పాదంలోని ఒత్తు కింది పాదంలోని గుడికి తగులుతుంది. దూరం పెంచుకోండి. కొన్ని ఎడిటింగ్ యాప్‌లు తెలుగు ఒత్తుల్ని సరిగా కలపవు. ‘తగ్గ’లో గ కింద ఒత్తు రావాల్సింది పోయి, పొల్లు గ, దాని పక్కన ఇంకో గ విడివిడిగా పడతాయి. మన కవితలో ‘తగ్గలేదు’, ‘బోర్లించే’ ఈ రెండు మాటలూ చూస్తే చాలు, యాప్ సంగతి తెలిసిపోతుంది. తేడాగా పడితే ఆ యాప్‌లో వేరే ఫాంట్ ప్రయత్నించండి. అప్పటికీ కలవకపోతే ఫొటోని శుభ్రంగా వదిలేసి కవిత కింద రాయండి.

ఇక మీరు అడగండి.

(ఒక యువతి: సార్, మా ఇంట్లో టీ అనం, చాయ్ అంటాం. నానీలో చాయ్ అంటే లెక్క మారుతుందా?)

మారదమ్మా. ‘చాయ్’లో చివర పొల్లు, అది లెక్కలోకి రాదు. ‘చాయ్ మీద మీగడ’ అన్నా ఆరే. మీ ఇంట్లో ఏమంటే అదే రాయండి. హైదరాబాద్ కిటికీ దగ్గర చాయ్ అనే మాటకి ఉన్న వాసన టీకి ఉండదు. అలాగే మీరు గ్లాసులో తాగకపోతే గ్లాసు అనకండి. కప్పు, సాసరు అయితే ‘రెండో కప్పు’ అనొచ్చు, అదీ నాలుగే. కానీ కప్పు బోర్లించే అలవాటు మీ ఇంట్లో ఉందో లేదో చూసుకోండి.

(ఒక యువకుడు: అంత్యప్రాస ఉండాలా అండి? లేకపోతే కవితలా అనిపించదు కదా.)

అవసరం లేదు బాబూ. నాలుగు చిన్న పాదాల్లో ప్రాస పెడితే చెవి దాని కోసమే ఎదురుచూస్తుంది, ప్రాస కోసం మాట మార్చాల్సి వస్తుంది. ఇందాకటి కవితలో ‘మీగడ’కి ప్రాస వెతికితే ‘అక్కడ’ అనో ‘ఇక్కడ’ అనో తెచ్చిపెట్టేవాణ్ణి. బోర్లించిన గ్లాసు పోయేది. పైకి చదివి చూసుకోండి. ఊపిరి ఎక్కడ ఆగుతుందో అక్కడ పాదం విరిగితే చాలు.

(ఇంకొకరు: మీకు అక్క వస్తానన్నారు కాబట్టి కవిత వచ్చింది. ఎవరి కోసమూ చూడని సాయంత్రం ఒక్కణ్ణే కిటికీ దగ్గర కూర్చుంటే ఏం రాయాలి?)

మంచి ప్రశ్న. మనిషి కోసం వెతక్కండి. ఆ పూట ఇంట్లో ఏం మారిందో చూడండి. వానకి మనకు మామూలుగా జరిగేది ఒకటుంది కదా, కరెంటు పోవడం. ఫ్యాను ఆగిపోగానే ఏమవుతుంది? అప్పటిదాకా వినపడని వాన చప్పుడు ఒక్కసారి పెద్దదవుతుంది. వాన పెరగలేదు, ఇంట్లో మోత ఆగింది.

కరెంటు పోయింది
ఫ్యాన్ ఆగింది
వాన చప్పుడు
గదిలోకొచ్చింది

ఆరు, నాలుగు, అయిదు, ఆరు. 21 అక్షరాలు. దీనికి మాత్రం ఇందాకటి ఫొటో పనికిరాదు, అందులో వీధి దీపం వెలుగుతోంది. కరెంటు పోయినప్పుడే తీసింది కావాలి. ఆ చీకట్లో ఫోన్ ఎక్కువసేపు వెలుతురు పడుతుంది కాబట్టి చెయ్యి కదిలితే బొమ్మ చెదిరిపోతుంది. ఫోన్‌ని కిటికీ గట్టు మీద పెట్టి, రెండు మూడు సెకన్ల టైమర్ వేసి తీయండి. ఫ్లాష్ వేయకండి. వేస్తే ముందున్న ఊచలూ దగ్గరి చినుకులూ తెల్లగా మెరిసిపోయి, వెనకాల వీధి నల్లగా మాయమైపోతుంది.